ఒక పేజీ ట్రేడింగ్ ప్లాన్: చివరి వరుస నుంచి మొదలుపెట్టి రాయాలి

షేర్ మార్కెట్లో రోజువారీ కొని అమ్మేవాళ్ల గురించి 2024 జూలైలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక అధ్యయనం విడుదల చేసింది. 2022-23లో ఈక్విటీ క్యాష్ విభాగంలో ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేసే ట్రేడింగ్, చేసిన వ్యక్తుల్లో పదింట ఏడుగురు నష్టపోయారని అది తేల్చింది. ఈ సంఖ్య చాలామందికి తెలుసు. అదే నివేదికలో ఉన్న ఇంకో విషయాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లాభపడినవాళ్ల కంటే నష్టపోయినవాళ్లు సగటున ఎక్కువ ట్రేడ్లు చేశారు. పైగా వాళ్లకు వచ్చిన నష్టానికి తోడు, ఆ నష్టంలో 57 శాతానికి సమానమైన సొమ్ము చార్జీల రూపంలో పోయింది. పోగొట్టుకున్న మనిషి ఆగలేదు, దాన్ని రాబట్టుకోవాలని ఇంకా ఆడాడు అనుకోవడానికి ఈ అంకెలు గట్టి ఆధారమే.

కొత్తగా ట్రేడింగ్‌లోకి వచ్చేవాళ్లు రాసుకునే ప్లాన్లలో ఎక్కువ భాగం ఎప్పుడు కొనాలి అన్నదాని మీదే ఉంటుంది. ఇండికేటర్లు, క్యాండిల్స్, లెవెల్స్‌తో పేజీ నిండిపోతుంది. ఎప్పుడు ఆపాలి అన్నది ఒక్క వరుసలో, అదీ ‘క్రమశిక్షణ పాటించాలి’ అన్నంత అస్పష్టంగా ఉంటుంది. ఈ వరుసను తలకిందులు చేయాలి. ముందు ఆపే షరతులు రాయాలి. వాటిని బట్టి ఒక్కో ట్రేడ్‌లో ఎంత పోవచ్చో తేలుతుంది. దాన్ని బట్టి సెటప్, అంటే ఎలాంటి పరిస్థితిలో కొనాలి అన్నది, సెటప్‌ను బట్టి ఏ షేర్లు అన్నది. ఇలా రాస్తే పేజీలో పై సగం దాదాపు దానంతట అదే నిండుతుంది.

పేజీలో చేరే ప్రతి వరుసకూ ఒక పరీక్ష ఉంది. ట్రేడ్ల వివరాలతో బ్రోకర్ నుంచి ఈమెయిల్‌లో వచ్చే కాంట్రాక్ట్ నోట్‌ను, ఆ రోజు చార్ట్‌ను పక్కపక్కన పెట్టి, ట్రేడింగ్‌తో సంబంధం లేని ఇంట్లోవాళ్లు సైతం ‘ఈ రూల్ పాటించారు’, ‘ఇక్కడ తప్పారు’ అని చెప్పగలగాలి. ‘బలమైన షేర్లే కొనాలి’ అన్న వాక్యం ఆ పరీక్షలో నిలవదు. ‘ముగింపు ధర గత 50 రోజుల ముగింపు ధరల సగటు కంటే పైన ఉండాలి’ అన్నది నిలుస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది లక్ష రూపాయల ఖాతా. ఆ లక్ష పొదుపులోంచి వచ్చిందై ఉండాలి. గోల్డ్ లోన్ సొమ్ము, పాడిన చీటీ డబ్బు, పర్సనల్ లోన్ అయితే ఈ పేజీ పనిచేయదు. నెలనెలా కట్టాల్సిన వాయిదా ఒకటి నెత్తిన ఉన్నప్పుడు, కింద రాయబోయే ‘ఆపాలి’ అన్న మాట ఎవరి చేతా ఆపించలేదు.

ఆపే షరతుల్లో అన్నిటికంటే పెద్దది ఖాతాకు సంబంధించింది. ఖాతా విలువ ఎప్పుడైనా చేరిన గరిష్ఠ స్థాయి నుంచి 10 శాతం తగ్గితే అసలు డబ్బుతో ట్రేడింగ్ ఆగిపోవాలి. లక్షతో మొదలైన ఖాతాకు ఆ గీత 90,000. ఈ పది ఎక్కడి నుంచి వచ్చింది అన్నది అర్థమైతేనే దాన్ని నమ్మి పాటించగలరు. పోయిన డబ్బును తిరిగి తెచ్చుకోవడానికి కావాల్సిన శాతం, పోయిన శాతం కంటే ఎప్పుడూ ఎక్కువే. పది పోతే పదకొండుకు పైన రావాలి. యాభై పోతే మిగిలిన సొమ్ము రెట్టింపు కావాలి. పది దగ్గర ఆగితే తిరిగొచ్చే దారి మనిషికి అందే దూరంలోనే ఉంటుంది.

రెండో కారణం వరుస నష్టాల లెక్క. పది ట్రేడ్లలో నాలుగు గెలిచి ఆరు ఓడే పద్ధతిని తీసుకుందాం. గెలిచినప్పుడు వచ్చేది ఓడినప్పుడు పోయేదానికి రెట్టింపు ఉంటే అది లాభసాటి పద్ధతే. అలాంటి మంచి పద్ధతిలోనూ యాభై ట్రేడ్లు చేస్తే ఎక్కడో ఒకచోట ఐదారు నష్టాలు వరసగా రావడం మామూలు విషయం. ట్రేడ్‌కు 1 శాతం పోయేలా చూసుకున్నవాళ్లకు ఆ ఆరు నష్టాల తర్వాత 94 శాతం మిగులుతుంది. ట్రేడ్‌కు 10 శాతం పెట్టినవాళ్లకు 53 శాతం మిగులుతుంది. ఇద్దరి పద్ధతీ ఒకటే, వచ్చిన సిగ్నళ్లూ అవే. ఒకరు మరుసటి వారం మళ్లీ కూర్చుంటారు, రెండోవారి ఖాతా సగానికి పడిపోయింది. అందుకే ఒక్కో ట్రేడ్‌కు 1 శాతం, మొత్తం ఖాతాకు 10 శాతం అన్న రెండు అంకెలు జతగా పనిచేస్తాయి. మామూలుగా వచ్చే చెడ్డ వరస ఆ పదిని తాకదు. తాకిందంటే మామూలు కానిది ఏదో జరుగుతోందని అనుమానించాలి.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు విషయాలను విడదీయాలి. కొన్ని షరతులు పద్ధతిని ప్రశ్నించడానికి, కొన్ని మనిషిని చల్లబరచడానికి. పది శాతం మొదటి రకం. వారంలో 3 శాతం పోతే వచ్చే సోమవారం దాకా కొత్త ఎంట్రీలు వద్దు అన్నది రెండో రకం. వారం షరతు తగిలినంత మాత్రాన పద్ధతి చెడ్డదని అర్థం కాదు. మూడు నష్టాలు తిన్న బుర్ర నాలుగో ట్రేడ్‌ను ఉన్నది ఉన్నట్టు చూడలేదనే అర్థం. ఈ తేడా తెలియనివాళ్లు ప్రతి చెడ్డ వారం తర్వాతా సెటప్ మార్చేస్తారు. ఆర్నెల్లలో ఆరు పద్ధతులు చూస్తారు, ఏ ఒక్కటీ పనిచేస్తుందో లేదో చెప్పగలిగినన్ని ట్రేడ్లు మాత్రం దేనిలోనూ ఉండవు.

నెలకు ఒక గీత ఉండాలి, అది 5 శాతం. ఆ తర్వాత డబ్బుతో సంబంధం లేని షరతు ఒకటి రాయాలి. మొత్తం పేజీలో అన్నిటికంటే విలువైనది అదే కావచ్చు. ఒకే నెలలో రెండుసార్లు సొంత రూల్ తప్పితే, ఆ నెల లాభంలో ఉన్నా సరే, నెలాఖరు దాకా ఆపాలి. రూల్ తప్పడం అంటే ఏమిటో కూడా రాయాలి: స్టాప్‌లాస్‌ను, అంటే నష్టం పెరగకుండా అమ్మేయాలని ముందే పెట్టుకున్న ధరను, కిందికి జరపడం, స్టాప్‌లాస్ పెట్టకుండా రాత్రి దాటించడం, పడుతున్న షేర్‌ను ఇంకా కొని యావరేజ్ చేయడం, పేజీలో లేని షేర్ కొనడం. స్టాప్ జరిపిన ట్రేడ్ ఒక్కోసారి లాభంతో ముగుస్తుంది. నష్టం కంటే ఆ లాభమే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే తర్వాతిసారి ఇంకొంచెం దూరం జరపడానికి అదే ధైర్యం ఇస్తుంది.

ఆపాక చేతిలో ఉన్న షేర్ల సంగతేమిటి అన్నది ప్లాన్లలో తరచూ మరిచిపోయే వరుస. వారం, నెల షరతులు కొత్త కొనుగోళ్లను మాత్రమే ఆపుతాయి. ఉన్న పొజిషన్లు, అంటే కొని పట్టుకున్న షేర్లు, వాటి స్టాప్, లాభంతో అమ్మాల్సిన టార్గెట్ ధర ప్రకారం నడుస్తాయి. పది శాతం షరతు తగిలితే మరుసటి రోజు మార్కెట్ వేళల్లో అన్నీ అమ్మేయాలి. ఇది ముందే రాసి లేకపోతే, ఆపాల్సిన రోజే ‘ఇదొక్కటి చూసి’ అనే మాట మొదలవుతుంది.

ఇక రిస్క్ లెక్క. లక్షలో 1 శాతం వెయ్యి రూపాయలు. ఈ వెయ్యి షేర్లలో పెట్టే పెట్టుబడి కాదు, ట్రేడ్ తప్పితే చార్జీలతో సహా పోయే సొమ్ము. కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే.

ఊహించిన ధరలతో ఒక ట్రేడ్ లెక్క చూద్దాం. ఒక షేర్‌ను 642 దగ్గర కొనాలి, స్టాప్‌లాస్ 616. తేడా 26 రూపాయలు. వెయ్యిని 26తో భాగిస్తే 38 షేర్లు వస్తాయి. కానీ చార్జీలు ఇందులో లేవు. షేర్లు డీమ్యాట్ ఖాతాలోకి వచ్చే డెలివరీ ట్రేడ్‌కు కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను, కొన్నప్పుడు 0.015 శాతం స్టాంప్ డ్యూటీ, ఎక్స్‌ఛేంజ్ చార్జీలు, వాటి మీద జీఎస్టీ, అమ్మినప్పుడు షేర్ల సంఖ్యతో సంబంధం లేకుండా ఒక్కో కంపెనీకి ఇంత అని పడే డీమ్యాట్ ఖాతా చార్జీ, అంటే డీపీ చార్జీ, ఉంటాయి. డెలివరీకి బ్రోకరేజ్ తీసుకోని బ్రోకర్ దగ్గర, డీపీ చార్జీ 16 రూపాయల చుట్టూ ఉందనుకుంటే, ఈ ట్రేడ్‌కు మొత్తం 70 దాకా అవుతుంది. అంటే షేర్‌కు దాదాపు 1.80. కాబట్టి భాగించాల్సింది 26తో కాదు, 27.80తో. వచ్చేది 35 షేర్లు. వాటికి పట్టే పెట్టుబడి 22,470. స్టాప్ తగిలితే ధరలో 910, చార్జీల్లో 65 కలిపి 975 పోతుంది. వెయ్యి లోపే ఉంది.

టార్గెట్‌ను స్టాప్ దూరానికి రెట్టింపు పెడితే అది 694. అక్కడ అమ్మితే 1,820 వస్తుంది, చార్జీలు పోను 1,753 మిగులుతుంది. ఓడితే 975, గెలిస్తే 1,753. ఈ రెండు అంకెలతో ఎన్ని ట్రేడ్లు గెలిస్తే అసలు మునగకుండా ఉంటుందో తెలుస్తుంది: వందకు 36. చార్జీలు లేకపోతే 34 చాలేది. రెండు ట్రేడ్ల తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ అది పొజిషన్ పరిమాణాన్ని బట్టి మారుతుంది. ఖాతా పదివేలే అయితే ట్రేడ్‌కు పోవాల్సింది వంద రూపాయలే. ఆ వందలో డీపీ చార్జీ 16 అలాగే ఉంటుంది. అక్కడ పద్ధతి బాగున్నా చార్జీలు తినేస్తాయి. చిన్న ఖాతాతో నేర్చుకోవడం తప్పు కాదు, ఆ ఫలితాలను బట్టి పద్ధతిని అంచనా వేయడం తప్పు.

ఒక్క శాతం రూల్‌కు తోడుగా ఇంకొక గీత ఉండాలి: ఏ ఒక్క షేర్‌లోనూ ఖాతాలో 30 శాతానికి మించి పెట్టకూడదు. దీని అవసరం స్టాప్ దగ్గరగా ఉన్నప్పుడు తెలుస్తుంది. అదే 642 షేర్‌కు పది రూపాయల కిందే స్టాప్ పెడితే లెక్క ప్రకారం 85 షేర్లు, అంటే 54 వేలకు పైన కొనొచ్చు. కాగితం మీద రిస్క్ ఇప్పటికీ వెయ్యే. రాత్రి ఏదో చెడ్డ వార్త వచ్చి, మర్నాడు 9:15కి షేర్ 8 శాతం కింద తెరుచుకుంటే స్టాప్ ధర దగ్గర కొనేవాడే ఉండడు. పోయేది 4,300కు పైన. 30 శాతం గీత ఉంటే 46 షేర్లే కొంటారు, అదే గ్యాప్‌లో పోయేది 2,400 లోపు. అదీ బాధే, కానీ వారం షరతును ఒక్క దెబ్బలో దాటిపోదు.

గ్యాప్ ఒక్కటే కాదు, అన్నీ కలిసి పడే రోజులూ ఉంటాయి. 2024 జూన్ 3న, ఎగ్జిట్ పోల్స్ తర్వాతి సోమవారం, నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగి 23,263 దగ్గర ముగిసింది. మర్నాడు ఓట్ల లెక్కింపు రోజున దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. ప్రభుత్వ రంగ బ్యాంకులు, విద్యుత్ కంపెనీలు అంతకు రెట్టింపుకు పైగా పడ్డాయి. సోమవారం ఉత్సాహంలో వేర్వేరు పేర్లతో మూడు బ్యాంకులు కొన్నవాళ్ల దగ్గర ఉన్నది మూడు ట్రేడ్లు కాదు, ఒకే ట్రేడ్ మూడు ముక్కలు. అందుకే ఏకకాలంలో మూడు పొజిషన్లకు మించకూడదు, ఒక రంగం నుంచి ఒకటే ఉండాలి. ఎన్నికల ఫలితాలు, కేంద్ర బడ్జెట్ లాంటి తేదీ తెలిసిన రోజుకు ముందు రోజు కొత్తగా కొనకూడదు. కంపెనీ త్రైమాసిక ఫలితాలకూ అంతే. బోర్డు సమావేశం తేదీని కంపెనీ ముందుగానే ఎక్స్‌ఛేంజ్‌కు తెలపాలి కాబట్టి ‘తెలియలేదు’ అనడానికి వీల్లేదు.

ఇప్పుడు సెటప్. ఒక్కటి చాలు. మొదటి ఏడాది రెండో సెటప్ చేర్చుకుంటే ఏది పనిచేసిందో ఏది ముంచిందో విడదీయలేని గందరగోళమే మిగులుతుంది. ఇక్కడ తీసుకున్నది చాలా పాత పద్ధతి: పెరుగుతున్న షేర్ కాస్త తగ్గి, మళ్లీ లేచేటప్పుడు కొనడం. దాన్ని ఇంట్లోవాళ్లు తనిఖీ చేయగలిగేలా రాయడమే పని. రోజువారీ చార్ట్‌లో ముగింపు ధర 50 రోజుల సగటు పైన ఉండాలి. ఆ సగటు నెల కిందటి, అంటే 20 ట్రేడింగ్ రోజుల కిందటి విలువ కంటే ఎక్కువ ఉండాలి. షేర్ ఈమధ్యే చేరిన గరిష్ఠం నుంచి కనీసం మూడు రోజులు తగ్గి 20 రోజుల సగటును తాకి ఉండాలి. ఆ తర్వాత ఏ రోజైనా ముందురోజు గరిష్ఠ ధరను దాటితే అక్కడ కొనాలి. ఈ తగ్గుదలలో వచ్చిన అతి తక్కువ ధరకు కాస్త కింద స్టాప్. మన ఉదాహరణలో కనిష్ఠం 618, స్టాప్ 616.

స్టాప్ అక్కడే ఎందుకు? షేర్ తగ్గి నిలబడింది అన్నదే కొనడానికి కారణం. ఆ కనిష్ఠం కూడా పగిలితే నిలబడలేదని తేలినట్టే, కొన్న కారణమే పోయినట్టు. ‘కొన్న ధరకు 2 శాతం కింద’ అని పెట్టే స్టాప్‌కు షేర్ కదలికతో సంబంధం లేదు. ఆ షేర్ రోజూ 2 శాతం అటూ ఇటూ ఊగేదైతే ఏ కారణమూ లేకుండానే బయటికి తోసేస్తుంది.

స్టాప్ తగలక, టార్గెట్ రాక, షేర్ అక్కడక్కడే తిరుగుతుంటే 15 ట్రేడింగ్ రోజుల తర్వాత అమ్మేయాలి. ఈ వరుస లేకపోతే ట్రేడ్ మెల్లగా ‘లాంగ్ టర్మ్’ అవుతుంది. దీంతోపాటు మార్కెట్ మొత్తానికి ఒక షరతు: నిఫ్టీ 50 తన 200 రోజుల సగటు కింద ముగిస్తే కొత్త కొనుగోళ్లు లేవు. కొనడం ఒక్కటే తెలిసిన పద్ధతి పడుతున్న మార్కెట్లో పనిచేయదు. ఆ నెలల్లో ఈ పేజీ ప్రకారం చేయాల్సిన ట్రేడ్లు సున్నా కావచ్చు, అదీ ప్లాన్‌ను పాటించడమే.

ఇన్ని నిర్ణయించాక ఏ షేర్లు అన్న ప్రశ్నకు జవాబు తేలికవుతుంది. స్టాప్‌లాస్ నిజంగా అమలయ్యే షేర్లే కావాలి. చిన్న కంపెనీల షేర్లకు రోజుకు 5, 10 లేదా 20 శాతం అని ధర పరిధి ఉంటుంది. కొన్నిటికి 2 శాతమే. ఆ పరిధి అడుగును తాకిన, అంటే లోయర్ సర్క్యూట్ పడిన షేర్‌కు అమ్మేవాళ్లు లక్షల్లో, కొనేవాళ్లు సున్నా. స్టాప్ ఆర్డర్ ట్రిగ్గర్ అవుతుంది, క్యూలో చివర నిలబడుతుంది, రోజు అయిపోతుంది. మర్నాడు మళ్లీ అదే. వెయ్యి అనుకున్న రిస్క్ నాలుగు రోజుల్లో నాలుగైదు వేలు అవుతుంది. టెలిగ్రామ్ చానళ్లలో తిరిగే ‘జాక్‌పాట్’ షేర్లు ఎక్కువగా ఈ జాతివే. అందుకని పేజీలో పైన ఉండే వరుస: నిఫ్టీ 50లోని షేర్లు మాత్రమే, క్యాష్ విభాగంలో డెలివరీ మాత్రమే. ఈ యాభై షేర్లకూ ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్నాయి కాబట్టి వాటికి కదలని సర్క్యూట్ గీత ఉండదు. ఎంత చెడ్డ రోజైనా ఏదో ఒక ధరకు కొనేవాళ్లు దొరుకుతారు. ఆ యాభై పేర్ల జాబితా ఏడాదికి రెండుసార్లు మారుతుంది కాబట్టి అప్పుడప్పుడు సరిచూసుకోవాలి.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఎందుకు వద్దో కూడా పై లెక్కే చెబుతుంది. 2024 నవంబర్ నుంచి ఇండెక్స్ కాంట్రాక్ట్ విలువ ప్రవేశపెట్టే సమయానికి కనీసం 15 లక్షలు ఉండాలన్నది సెబీ నిబంధన. ఒక్క లాట్ నిఫ్టీ ఫ్యూచర్ పట్టుకుంటే, సూచీ ఒక్క శాతం కదిలితే 15 వేలు. ట్రేడ్‌కు వెయ్యి పోవచ్చన్న పేజీలో అది ఇమడదు. ఆప్షన్ కొనడం చవగ్గా కనిపిస్తుంది, కానీ అక్కడ దిశ సరిగ్గా ఊహించినా గడువు తినేస్తుంది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని 2024 సెప్టెంబర్‌లో సెబీయే చెప్పింది. బ్రోకర్ యాప్‌లో కనిపించే ఎంటీఎఫ్, అంటే అప్పు ఇచ్చి షేర్లు కొనిపించే సదుపాయం, ఇదే కారణంగా వద్దు.

కాగితం మీద రాసిన స్టాప్‌కూ ఖాతాలో ఉన్న స్టాప్‌కూ మధ్య కొన్ని గోతులున్నాయి. ఎక్స్‌ఛేంజ్‌కు వెళ్లే మామూలు స్టాప్‌లాస్ ఆర్డర్ ఆ రోజు సాయంత్రంతో రద్దయిపోతుంది. రోజుల తరబడి పట్టుకునే ట్రేడ్‌కు జీటీటీ వాడాలి. అది బ్రోకర్ దగ్గర నిలిచి ఉండి, ధర ట్రిగ్గర్‌ను తాకినప్పుడు లిమిట్ ఆర్డర్‌ను పంపుతుంది. ఆ లిమిట్‌ను ట్రిగ్గర్ పక్కనే పెట్టడం పొరపాటు. ట్రిగ్గర్ 616, లిమిట్ 615 అని పెట్టి, షేర్ 603 దగ్గర తెరుచుకుంటే ఆర్డర్ మార్కెట్‌కు పైన వేలాడుతూ ఉంటుంది, అమ్ముడుపోదు. లిమిట్ 592 అని పెడితే నష్టమేమీ లేదు. అమ్మే లిమిట్ కింద ఉన్నా ఆ క్షణంలో ఉన్న మంచి ధరకే అమ్ముడవుతుంది.

ఇంకో గొయ్యి అనుమతిది. డీమ్యాట్‌లో ఉన్న షేర్లు అమ్మాలంటే బ్రోకర్‌కు డీడీపీఐ అనే శాశ్వత అనుమతి పత్రం ఇచ్చి ఉండాలి, లేదా అమ్మే రోజున టీపిన్, ఓటీపీతో అనుమతి ఇవ్వాలి. రెండూ లేకపోతే జీటీటీ సరిగ్గా ట్రిగ్గరై, పంపిన ఆర్డర్ తిరస్కారానికి గురవుతుంది. ఆఫీసులో పనిలో ఉన్న మనిషికి అది సాయంత్రం దాకా తెలియకపోవచ్చు. మొదటి ట్రేడ్‌కు ముందే ఒక్క షేర్ కొని, రెండు రోజులాగి, జీటీటీతో అమ్మి చూస్తే ఈ సంగతి కొద్ది రూపాయల ఖర్చుతో తేలిపోతుంది. బోనస్, స్ప్లిట్ జరిగిన షేర్‌కు పాత జీటీటీ ధరలు పనికిరావు కాబట్టి వాటిని మళ్లీ పెట్టాలి.

ఇదంతా పేజీ మీదికి వచ్చేసరికి ఇంతే ఉంటుంది:

మార్కెట్: నిఫ్టీ 50 షేర్లు, డెలివరీ. ఇంట్రాడే, ఎఫ్ అండ్ ఓ, ఎంటీఎఫ్ లేవు. నిఫ్టీ 200 రోజుల సగటు కింద ముగిస్తే కొత్త కొనుగోలు లేదు. ఫలితాలు, బడ్జెట్, ఎన్నికల లెక్కింపు ముందురోజు కొనుగోలు లేదు.

సెటప్: ధర 50 రోజుల సగటు పైన, ఆ సగటు నెల కిందటి కంటే పైన. మూడు రోజులైనా తగ్గి 20 రోజుల సగటును తాకాక, ముందురోజు గరిష్ఠం దాటితే కొనుగోలు. తగ్గుదల కనిష్ఠం కింద స్టాప్. టార్గెట్ స్టాప్ దూరానికి రెట్టింపు. 15 రోజుల్లో రెండూ రాకపోతే అమ్మకం.

రిస్క్: సోమవారం ఉదయం ఖాతా విలువలో ట్రేడ్‌కు 1 శాతం, చార్జీలతో కలిపి. ఒక షేర్‌లో 30 శాతం దాటకూడదు. మూడు పొజిషన్లు, రంగానికి ఒకటి. కొన్న రోజే జీటీటీ.

ఆపడం: వారంలో 3 శాతం పోతే వచ్చే సోమవారం దాకా. నెలలో 5 శాతం పోతే, లేదా రెండుసార్లు రూల్ తప్పితే, నెలాఖరు దాకా. గరిష్ఠం నుంచి 10 శాతం పోతే అన్నీ అమ్మి, 30 ట్రేడ్లు కాగితం మీద చేశాక సగం రిస్క్‌తో మొదలు.

ఆ ముప్పై ట్రేడ్ల విషయంలో ఒక జాగ్రత్త. నిజంగా నూటికి నలభై గెలిచే పద్ధతిలో కూడా ముప్పై ట్రేడ్ల నమూనాలో తొమ్మిదే గెలవొచ్చు, పదిహేను గెలవొచ్చు, రెండూ వింత కావు. కాబట్టి ముప్పై కాగితం ట్రేడ్లు పద్ధతి మంచిదని రుజువు చేయవు. అవి చూపేది వేరు: ముప్పైసార్లూ రాసినది రాసినట్టు చేయగలిగారా లేదా. పది శాతం పోవడానికి పద్ధతి కారణమా, పాటించకపోవడం కారణమా అన్నది పాత కాంట్రాక్ట్ నోట్లను ఈ పేజీతో పోల్చితేనే బయటపడుతుంది. పాటించకుండానే పోయి ఉంటే సెటప్ మార్చి ప్రయోజనం లేదు.

చివరిగా, ఈ పేజీ ఒక వారంలో ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఖాతా లక్షతో మొదలైంది. మొదటి రెండు ట్రేడ్లలో 975, 990 పోయాయి. మూడోది టార్గెట్ తాకి 1,753 తెచ్చింది. ఆ వారాంతానికి ఖాతాలో 99,788 ఉంది. తర్వాతి సోమవారానికి మూడు కొత్త పొజిషన్లున్నాయి: ఒక ఐటీ కంపెనీ, ఒక ఆటో కంపెనీ, ఒక బ్యాంక్. మంగళవారం ఐటీ షేర్ స్టాప్ తగిలి 960 పోయింది. బుధవారం ఆటో షేర్‌లో 985 పోయింది. గురువారం ఉదయం బ్యాంక్ షేర్ స్టాప్ కంటే కింద తెరుచుకుని 1,180 పోయింది. వారం మొత్తం 3,125. సోమవారం ఉన్న ఖాతాలో 3 శాతం 2,994. గీత దాటింది.

గురువారం మధ్యాహ్నం ఒక సిమెంట్ షేర్ ముందురోజు గరిష్ఠాన్ని దాటింది. సెటప్‌లో ప్రతి షరతూ సరిపోయింది, పొజిషన్లన్నీ ఖాళీగా ఉన్నాయి, డబ్బూ ఉంది. పేజీ ప్రకారం కొనకూడదు. శుక్రవారం ఆ షేర్ ఇంకో 3 శాతం పెరిగింది. దాన్ని వదిలేసినందుకు చేతికి రానిది కొన్ని వందల రూపాయలు. సోమవారం ఉదయం ఖాతా విలువ 96,663, దానిలో ఒక శాతం 966. కొత్త సెటప్ అదే 642 ధరలో, అదే 26 రూపాయల స్టాప్‌తో వస్తే ఇప్పుడు కొనాల్సింది 35 కాదు, 34 షేర్లు.